4కె టీవీలో పాత ఛానెళ్లు మసకగా ఎందుకు కనిపిస్తాయి: మా కస్టమర్లకు ఉన్నదున్నట్టు

"అన్నా, 65 ఇంచుల 4కె టీవీ బిగించి వారమైంది. యూట్యూబ్ అద్దంలా ఉంది. మన తెలుగు న్యూస్ ఛానెల్ పెడితే మాత్రం పాత డబ్బా టీవీయే నయమనిపిస్తోంది. అప్‌స్కేలింగ్ ఉందన్నారుగా, మరి ఇదేంటి?"

టీవీ బాగానే ఉంది. సగం కారణం ఛానెల్, మిగతా సగం సెట్‌టాప్ బాక్స్ సెట్టింగ్. ఆ రెండో సగంలో మా తప్పు కూడా ఉంది. బెంగళూరులో మేం బిగించిన ఇళ్లలో బాక్స్ మెనూలో ఉన్న అన్నిటికంటే పెద్ద రిజల్యూషన్ ఎంచుకుని, "ఫుల్ క్లారిటీకి పెట్టాం సార్" అని చెప్పి వచ్చేసేవాళ్లం. హెచ్‌డీ ఛానెళ్లకు అది సరే. ఎస్‌డీ ఛానెళ్లకు అదే చేటు.

ముందు ఛానెల్ సంగతి. మన దేశంలో ఎస్‌డీ ఛానెల్ బొమ్మ నిండుగా వస్తే అడ్డంగా 720, నిలువుగా 576 చుక్కలు. మొత్తం 4,14,720. 4కె తెర మీద ఉండేవి 3840 అడ్డం, 2160 నిలువు, అంటే 82,94,400. భాగించి చూడండి, సరిగ్గా 20 రెట్లు. తెర మీద ప్రతి 20 చుక్కల్లో ఛానెల్ పంపింది ఒక్కటే. మిగతా 19 టీవీ తనంతట తాను అంచనా వేసి నింపాలి. ఆ నింపడమే అప్‌స్కేలింగ్. పైగా శాటిలైట్‌లో చోటు కలిసొస్తుందని 720 బదులు 544 చుక్కలే పంపడం ఈ రంగంలో మామూలే. అప్పుడు లెక్క 26 రెట్లు దాటుతుంది.

అంచనా వేయడంలో టీవీ మొద్దుది కాదు. పక్కపక్క చుక్కల రంగులు చూసి మధ్యవి కలుపుతుంది, అంచు ఎటు వాలుతోందో పసిగట్టి మెట్లు మెట్లుగా కాకుండా నున్నగా గీస్తుంది. ఇప్పటి టీవీల్లో "ఏఐ అప్‌స్కేలింగ్" అని రాసేది కూడా ఈ పనే. వేల బొమ్మలు చూపించి నేర్పిన లెక్కతో, ఇక్కడ జుట్టు ఉండాలి, ఇక్కడ చీర అంచు ఉండాలి అని ఊహిస్తుంది. అయితే ఊహించడం వేరు, పోయింది తిరిగి తేవడం వేరు. దూరంగా ఉన్న మనిషి కన్ను ఎస్‌డీ బొమ్మలో మూడు నాలుగు చుక్కలే అయితే, ఎంత ఖరీదైన టీవీ అయినా దాన్ని ముఖానికి మైనం పూసినట్టే చూపిస్తుంది.

ఇంకో చిక్కు, బొమ్మతో పాటు చెత్త కూడా పెద్దదవడం. ఛానెల్ పంపేముందు బొమ్మని కుదించడానికి 8 చుక్కల లాంటి చిన్న చదరాలుగా కోస్తారు. క్రికెట్‌లో కెమెరా గిర్రున తిరిగినప్పుడో, సినిమా పాటలో పూలవాన కురిసినప్పుడో సెకనుకి పంపే డేటా, అంటే బిట్‌రేట్, చాలక ఆ చదరాలు బయటపడతాయి. 21 ఇంచుల పాత డబ్బా టీవీలో ఒక చదరం వెడల్పు అర సెంటీమీటరు కూడా ఉండదు. 65 ఇంచుల తెర మీద అదే చదరం దాదాపు 1.6 సెంటీమీటర్ల వెడల్పు, ఒక సెంటీమీటరుకి పైగా ఎత్తు. పైగా అప్‌స్కేలర్‌కి చదరం అంచు కూడా అంచే. నిజమైన గీత అనుకుని దాన్నీ పదును పెడుతుంది. డబ్బా టీవీ నయమనిపించేది ఇందుకే. చిన్న తెర, కాస్త అలుక్కుపోయే బొమ్మ, ఆ రెండూ కలిసి తప్పులన్నీ దాచేసేవి.

ఇక బాక్స్ దగ్గరికొద్దాం. మీ చేతిలో ఉన్న పని ఇక్కడే ఉంది. ఎస్‌డీ బొమ్మ ఒక్కసారిగా రాదు. సెకనుకి 50 సార్లు, ఒకసారి బేసి గీతలు 288, తర్వాత సరి గీతలు 288, ఇలా విడతలుగా వస్తుంది. 576i లో ఆ "i" అర్థం అదే. ఈ రెండు విడతలని కలిపి నిండు బొమ్మ చేశాకే పెంచడం మొదలవుతుంది. బాక్స్‌ని 2160p కి పెడితే కలపడం, పెంచడం రెండూ బాక్స్‌లోని చవక చిప్పే చేసేస్తుంది. టీవీకి చేరేసరికి అది 4కె సిగ్నలే, కాబట్టి టీవీ తన అప్‌స్కేలర్‌ని ముట్టుకోదు. మీరు డబ్బు పోసి కొన్న చిప్ చేతులు కట్టుకుని కూర్చుంటుంది. 1080i కి పెడితే ఇంకో తమాషా. బాక్స్ కలిపి, పెంచి, మళ్లీ బేసి సరి గీతలుగా విడదీసి పంపుతుంది. టీవీ మళ్లీ కలిపి మళ్లీ పెంచుతుంది. ఒకే గుడ్డని రెండుసార్లు చింపి కుట్టినట్టు.

దీన్ని కళ్లారా చూడాలంటే న్యూస్ ఛానెల్ కింద పరిగెత్తే స్క్రోలింగ్ చూడండి. ద కి, ధ కి తేడా అడుగున వేలాడే ఒక చిన్న గీత. స్క్రోలింగ్‌లో అక్షరం ఎత్తు 20 గీతలు ఉందనుకుంటే, ఆ ధ గీతకి దక్కేది మహా అయితే రెండు. ఒకటి బేసి విడతలో, ఒకటి సరి విడతలో. బాక్స్ చిప్ రెండు విడతలని సరిగ్గా కలపకుండా ఒక్కో విడతనే సాగదీస్తే ఆ గీత మినుకుమినుకుమంటుంది, లేదా పైన అక్షరంలో కలిసిపోతుంది. ప, ఫ సంగతీ అంతే. ఇంగ్లిష్ స్క్రోలింగ్ బాగానే ఉండి తెలుగు మాత్రం వణుకుతోందంటే కారణం ఇదే. మన లిపిలో వత్తులు, చిన్న గీతలు ఎక్కువ.

సరిచేయడం పది నిమిషాల పని. స్క్రోలింగ్ ఉన్న ఎస్‌డీ ఛానెల్ పెట్టుకోండి. బాక్స్ మెనూలో వీడియో లేదా డిస్‌ప్లే సెట్టింగ్స్‌కి వెళ్లి రిజల్యూషన్ చూడండి. Native అన్న ఆప్షన్ ఉంటే అదే పెట్టండి. ఛానెల్ ఎలా వస్తే అలా టీవీకి వెళ్తుంది, ఇక మళ్లీ మార్చే పని ఉండదు. చాలా బాక్సుల్లో అది ఉండదు. Auto అని ఉంటే దాన్ని నమ్మకండి, అది సాధారణంగా టీవీ తీసుకోగల పెద్ద రిజల్యూషన్‌కే వెళ్తుంది. అప్పుడు 576i పెట్టండి, అది లేకపోతే 576p. రెండో దాంట్లో విడతలు కలపడం బాక్స్ చేస్తుంది, పెంచడం టీవీ చేస్తుంది. అదే మెనూలో టీవీ షేప్ 16:9 అని ఉందో లేదో చూసుకోండి. 4:3 ఉంటే బొమ్మ అటూ ఇటూ నలుగుతుంది. మార్చాక టీవీ రిమోట్‌లో ఇన్ఫో నొక్కితే తెర మీద 576 అని కనిపించాలి. ఇంతకుముందు అక్కడ 1080 అని చూసి "మాకు హెచ్‌డీ వస్తోంది కదా" అన్నవాళ్లున్నారు. అది బాక్స్ పంపుతున్న సైజు మాత్రమే. ఛానెల్ హెచ్‌డీయా కాదా అన్నది అది చెప్పదు.

దీనికో మెలిక ఉంది, దాచను. బాక్స్ 576 లో ఉండగా హెచ్‌డీ ఛానెల్ పెడితే అది కూడా ఎస్‌డీ అయిపోతుంది. కాబట్టి రోజంతా ఎస్‌డీ న్యూసే నడిచే ఇళ్లకే ఈ సెట్టింగ్. సగం సగం చూసేవాళ్లు 1080i దగ్గరే ఉంచి, టీవీ వైపు సరిచేసుకోవడం మేలు.

టీవీ వైపు చేయాల్సింది తక్కువే. Vivid తీసేసి Standard పెట్టండి. Sharpness తగ్గించండి. కొన్ని కంపెనీల్లో మామూలు స్థితి 0, కొన్నింట్లో మధ్యలో 50, కాబట్టి అంకె చూసి కాదు, కంటితో తగ్గించాలి. యాంకర్ భుజం చుట్టూ తెల్లటి గీత ఒకటి మెరుస్తుంటుంది, అది పోయేదాకా దించండి. Noise Reduction ని Low లో, MPEG Noise Reduction విడిగా ఉంటే దాన్ని Medium లో పెట్టండి. చదరాలని మెత్తబరిచేది అదే. ముఖాలు మరీ నున్నబడితే ఒక మెట్టు దించండి. పాత సినిమాలు చూసేటప్పుడు Film Mode ఆన్‌లో ఉంచండి. సినిమాలో రెండు విడతలూ ఒకే ఫ్రేమ్ నుంచి వస్తాయి కాబట్టి ఇది ఉంటే టీవీ వాటిని అతికించి 576 గీతలూ నిలబెడుతుంది. బాక్స్ తగిలించిన హెచ్‌డీఎంఐ పోర్ట్ పొరపాటున Game Mode లో ఉంటే ఈ పనుల్లో చాలావరకు టీవీ మానేస్తుంది, అదీ చూసుకోండి.

మూడు రంగుల ఏవీ వైరుతో పాత ఎస్‌డీ బాక్స్‌నే కొత్త టీవీకి తగిలించుకున్నవాళ్లకి ఈ సెట్టింగులతో పెద్దగా లాభం లేదు. ఆ పసుపు పిన్నులో రంగు, వెలుగు కలిసే వస్తాయి, అక్షరాల అంచుల్లో చీమలు పాకినట్టు కనిపించేది అందుకే. హెచ్‌డీఎంఐ ఉన్న బాక్స్‌కి మారితే హెచ్‌డీ ప్యాక్ వేయించకపోయినా ఎస్‌డీ ఛానెళ్లే కాస్త తేటపడతాయి.

ఇవన్నీ చేశాక ఎంత మారుతుందంటే, స్క్రోలింగ్ వణుకు ఆగుతుంది, అంచులు కుదురుకుంటాయి, ముఖాలు మనుషుల్లా ఉంటాయి. హెచ్‌డీ మాత్రం అవ్వదు. 576 గీతల బొమ్మ కంటికి గట్టిగా కనపడాలంటే టీవీ ఎత్తుకి ఆరు రెట్లు దూరం కూర్చోవాలి. 65 ఇంచుల టీవీ ఎత్తు 81 సెంటీమీటర్లు, అంటే సుమారు 16 అడుగులు. ఇక్కడి టూ బీహెచ్‌కే హాల్లో సోఫాకి టీవీకి మధ్య 9, 10 అడుగులు దొరికితే గొప్ప. ఆ దూరానికి ఎస్‌డీకి సరిపడేది దాదాపు 40 ఇంచులు. ఇంట్లో పెద్దవాళ్లు పొద్దస్తమానం న్యూసే చూసేటట్టయితే మా దగ్గర పెద్ద టీవీ కొనేముందు ఈ లెక్క మీకే చెబుతాం. అమ్మకం తగ్గినా పర్లేదు, తర్వాత ఈ ఫోన్లు తగ్గుతాయి.

ఇంకో దారి, యూట్యూబ్ లైవ్. చాలా తెలుగు న్యూస్ ఛానెళ్లు తమ ప్రసారాన్నే అక్కడ ఉచితంగా పెడుతున్నాయి. 720p లో వచ్చినా 1280 అడ్డం, 720 నిలువు. ఎస్‌డీకి రెండు రెట్లకు పైగా చుక్కలు, విడతల గొడవ లేదు, 4కె కి పెంచడం అడ్డంగా, నిలువుగా సరిగ్గా మూడేసి రెట్లు. డిష్ కంటే కొన్ని సెకన్లు వెనకబడి వస్తుంది, అంతే.

ఈ నెల నుంచి మేం మార్చినవి రెండు. షాపులో కంపెనీ ఇచ్చిన 4కె డెమో వీడియోతో పాటు ఒక ఎస్‌డీ తెలుగు ఛానెల్ కూడా పెట్టి చూపిస్తాం, మీరు 9 అడుగుల దూరం నుంచి చూసే కొనండి. బిగించడానికి వచ్చే మా అబ్బాయి మీరు ఎక్కువగా చూసే ఛానెల్ ఏదో అడిగి, దాన్ని బట్టే బాక్స్ రిజల్యూషన్ పెట్టి వెళ్తాడు. ఇంతకుముందు మా దగ్గర బిగించుకున్నవాళ్లు పైన చెప్పింది చేసినా స్క్రోలింగ్ వణుకుతుంటే, ఇన్ఫో నొక్కినప్పుడు వచ్చే తెరని ఫోటో తీసి పంపండి. వచ్చి చూడ్డానికి డబ్బులు తీసుకోం.