సంగటిలో బియ్యం సంగతి ఎవరు రాస్తారు?

సంపాదకుడు గారికి నమస్కారం.

అన్నం మాని సంగటి తినండి, షుగర్ దగ్గరికి రాదు అంటూ మన జిల్లా పేజీలో వచ్చిన కథనం గురించి నెల కావస్తుండగా రాస్తున్నాను. ఆలస్యానికి కారణం ఉంది. ఆ మాట నమ్మి గ్లూకోమీటరు కొని, ఇన్నాళ్లూ వేళ్లు జల్లెడ చేసుకున్నాను.

మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్షలో నాకు 6.1 వచ్చింది. 5.7 నుంచి 6.4 దాకా ప్రీడయాబెటిస్, అంటే షుగర్ వచ్చే ముందు దశ లెక్క. డాక్టరు మందులు రాయలేదు, తిండి చూసుకోమన్నారు. మరుసటి రోజే మీ కథనం. మా ఇంటామె సంతోషంగా తెడ్డు తీసింది.

మధ్యాహ్నం ఒకటే పప్పు, ఒకటే కూర. మొదటి ముద్ద నోట్లో పెట్టినప్పటి నుంచి రెండు గంటలకు పరీక్ష. ఒక్కొక్కటి మూడు రోజుల చొప్పున తిని సగటు తీశాను. 80 గ్రాముల తెల్లబియ్యం అన్నానికి 176 వచ్చింది. సంగటికి 181! మీటరే 15 శాతం దాకా అటూఇటూ చూపిస్తుంది కాబట్టి ఆ అయిదుకు అర్థం లేదు. కానీ తగ్గడమైతే తగ్గలేదు గదా.

ఎందుకో వంటింట్లోకి వెళ్లి చూస్తే తెలిసింది. మన చిత్తూరు సంగటికి ముందు బియ్యం మెత్తగా ఉడికించి, ఆపైన రాగిపిండి పోసి గెలుకుతారు. తూకం వేస్తే ఒక్క ముద్దకు 60 గ్రాముల పిండి, 40 గ్రాముల బియ్యం పడ్డాయి. అన్నంగా తిన్నదానికంటే 20 గ్రాములు ఎక్కువే లోపలికి పోయింది. పైగా వంద గ్రాముల బియ్యంలో పిండిపదార్థం 78 గ్రాములుంటే రాగుల్లోనూ 67 దాకా ఉంటుంది. మెత్తగా ఆడించిన పిండి కాబట్టి అరగడం కూడా తొందరే, జావ అయితే ఇంకా తొందర. రాగుల్లో కాల్షియం దండిగా ఉంది, కాదనను. ఊరిబిండి నంజుకుంటే సంగటికి సాటి వచ్చే తిండి లేదు, అదీ కాదనను. కానీ కథనంలో ముద్ద ఎంతో, అందులో బియ్యం ఎంతో ఒక్క ముక్క లేదు. రాసినవారు సంగటిని ఫొటోలో తప్ప చూశారా అని నా అనుమానం.

తర్వాత కొర్రలు పట్టాను. పీలేరు వైపు బంధువులు పొట్టు మాత్రం తీయించి పంపిన కొర్రబియ్యం, అదే 80 గ్రాములు, 149 చూపించింది. ప్రాణం లేచొచ్చింది. అవి అయిపోయాక తిరుపతిలో ఒక అంగట్లో ప్యాకెట్ కొన్నాను. కిలోకు సన్నబియ్యం కంటే దాదాపు రెట్టింపు ధర. ఈసారి 170! రెండూ పక్కపక్కన అరచేతిలో పోసుకుంటే విషయం బయటపడింది. బంధువులవి మసక రంగులో, ఒక్కో గింజ ఒక్కో తీరుగా ఉన్నాయి. అంగడివి తళతళా మెరుస్తూ, పొయ్యి మీద పెట్టిన కాసేపటికే మెత్తబడిపోయాయి. తవుడు పోయేదాకా పాలిష్ పట్టినవి. తవుడులో నూనె ఉంటుంది, నిలవ ఉంటే కనరు వాసన వస్తుంది, అందుకే తీసేస్తారట. తవుడు పోతే అది కొర్ర పేరున్న తెల్లబియ్యమే. ప్యాకెట్ మీద రైతు బొమ్మ ఉంది, పాలిష్ పట్టారని మాత్రం లేదు. పండగల ముందు మిఠాయి అంగళ్ల దగ్గర ఫొటోలు దిగే అధికారులకు ఈ ప్యాకెట్లు కనబడవు కాబోలు. 2023 చిరుధాన్యాల సంవత్సరమని పెట్టిన స్టాళ్లు, కట్టిన బ్యానర్లు ఏమయ్యాయో కూడా చెబితే వింటాం.

అసలు కొర్ర అన్నంతో తంటాలూ ఉన్నాయి. రెండు గంటలు నానాలి. వేడి మీద పులుసు పోసుకుంటే బాగుంటుంది, చల్లారితే పొడిపొడిగా గొంతుకు అడ్డం పడుతుంది. క్యారియర్ కట్టుకుని పోయే మా అబ్బాయి రెండో రోజే దండం పెట్టేశాడు.

చివరికి ఇంట్లో ఉన్న తెల్లబియ్యమే 50 గ్రాములు వండించి, బీన్సు తాలింపు రెట్టింపు చేసి, పప్పు ఇంకో గరిటె వేసుకుని తిన్నాను. 154. కొర్రలకు దరిదాపుల్లోనే ఉంది, ఖర్చు లేదు, ఇంట్లో గొడవ లేదు. అయితే సాయంత్రం నాలుగింటికే ఆకలేసింది, కొర్రలు తిన్న రోజు ఏడు దాకా వేయలేదు. అందుకని మంచి కొర్రలు దొరికిన వారం అవి, దొరకని వారం ఇది. సంగటి ఆదివారం మాత్రం, సగం ముద్ద, బియ్యం తగ్గించి. ఇది నా ఒంటి లెక్క, ఇంకొకరికి వేరేగా ఉండొచ్చు, వాళ్లూ పరీక్ష చేసుకోవాల్సిందే.

ఇకమీదట ఇలాంటివి వేసేటప్పుడు ముద్ద తూకం కూడా వేయండి. మీ కథనం చదివి మా పక్కింటాయన రోజుకు మూడు ముద్దలు లాగిస్తున్నాడు. ఆయన షుగర్ పేషెంటు, మందుల మీద ఉన్న మనిషి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ లెక్కల మాస్టారు,
కొర్లగుంట, తిరుపతి.