రక్తం ఎక్కిస్తుండగా వణుకు వస్తే ఏం రాయాలి

నల్గొండ గ్రూపులోని సిస్టర్లకు,

"రక్తం పడలేదు, ఆపాం" అని ఒక్క ముక్క రాస్తే బ్లడ్ బ్యాంకు వాళ్లకు ఏమీ అర్థం కాదు. ఉదాహరణకు ఇలా రాయండి: "10:40కి మొదలుపెట్టాం. అప్పుడు టెంపరేచర్ 98.4, పల్స్ 82, బీపీ 120/80. 10:55కి వణుకు, నడుము నొప్పి. టెంపరేచర్ 101, పల్స్ 116, బీపీ 96/60. 10:56కి ఆపాం, అప్పటికి సుమారు 40 ఎం.ఎల్. వెళ్లింది. సెట్ మార్చి సెలైన్ పెట్టాం. 10:58కి డ్యూటీ డాక్టర్‌కు ఫోన్, 11:04కి వచ్చారు."

మొదటి రీడింగ్ లేకపోతే జ్వరం ముందు నుంచే ఉందో, రక్తం ఎక్కించాక వచ్చిందో తేలదు. అలర్జీ అని మనమే పేరు పెట్టొద్దు, కనిపించిందే రాయాలి. పేషెంట్ చేతి పట్టీని, బ్యాగ్ నంబర్‌ను మళ్లీ సరిచూసిన టైమ్ కూడా వేయండి. మూత్రం ఎర్రగా వస్తే అదీ, టైమ్‌తో సహా. బ్యాగ్‌ను మాత్రం పారేయకండమ్మా. సెట్‌తో పాటు, పేషెంట్ నుంచి కొత్తగా తీసిన రక్త నమూనాతో బ్లడ్ బ్యాంకుకు పంపాలి.