కడుపునొప్పి అని ఫోన్ చేస్తే డేట్ ఎందుకు అడుగుతారంటే

సంపాదకుడి గారికి నమస్కారం.

మీ జిల్లా పేజీలో ఈమధ్య ఒక పాఠకుడు రాసిన ఉత్తరం చదివాను. భార్యకు ఉన్నట్టుండి కడుపునొప్పి వస్తే హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేశారట. అటువైపు నర్సు మందు చెప్పకుండా "ఫోన్ ఆమెకివ్వండి" అని, ఆమెను నెలసరి ఎప్పుడొచ్చిందని అడిగిందట. కడుపునొప్పికీ దానికీ ఏం సంబంధం, ఇంటి ఆడవాళ్లను అడిగే మాటలా ఇవి అని ఆయన కోపం. ఆయన బాధ అర్థమవుతుంది కానీ ఆ నర్సు అడిగింది సరైన ప్రశ్న. నేను సర్కారు దవాఖాన క్యాజువాలిటీలోనూ, తర్వాత ఫోన్ సలహా కేంద్రంలోనూ పనిచేసిన స్టాఫ్ నర్సును. నన్నడిగితే ఆ ప్రశ్న ఇంకా ముందుగా రావాలి, అడిగే తీరు కూడా మారాలి.

ఫోన్ ఎత్తిన నర్సు ముందు స్క్రీన్ మీద ప్రశ్నల వరుస ఒకటి ఉంటుంది, దాన్నే స్క్రిప్ట్ అంటాం. జబ్బు పేరు కనిపెట్టడం దాని పని కాదు. ఈ మనిషిని ఇప్పటికిప్పుడు ఆంబులెన్స్ ఎక్కించాలా, ఇవాళ డాక్టరుకు చూపిస్తే సరిపోతుందా, ఇంట్లోనే ఉండి చూడొచ్చా, ఇంతవరకే తేల్చాలి. కడుపు మీద చెయ్యి పెట్టి చూడలేం, మొహం పాలిపోయిందో లేదో కనబడదు, బీపీ తెలియదు. మాకు అందేది గొంతు, ఆ జవాబులు, అంతే. అందుకే ఏ ప్రశ్న ముందు, ఏది వెనక అన్నది చాలా పెద్ద విషయం.

మొదట ఊరు, గుర్తుపట్టే చోటు, ఫోన్ నంబరు తీసుకోవాలి, ఎందుకంటే మాట మధ్యలో సిగ్నల్ పోతే తిరిగి చేయాల్సింది మేమే. తర్వాత మనిషి తెలివిలో ఉన్నారా, మాట్లాడుతున్నారా, చెమటలు పట్టి చల్లబడ్డారా అని అడగాలి. ఇంతవరకు ఎవరూ తప్పు చేయరు. తప్పు జరిగేది దీని తర్వాతే. "ఏం తిన్నారు" అని అడిగామా, ఇక ఇంటిల్లిపాదీ నిన్నటి కూర దగ్గరికి వెళ్లిపోతారు, పెళ్లిలో తిన్నది గుర్తొస్తుంది, గ్యాస్ అని వాళ్లే తీర్పు చెప్పేస్తారు. వినే నర్సు బుర్ర కూడా అటే పోతుంది. అందుకే తిండి ప్రశ్న చివరకు పోవాలి, ముందు అడగాల్సింది "నొప్పి ఎలా మొదలైంది" అని. పొద్దున్నుంచి మెల్లగా పెరిగిందా, లేక ఏదో పని చేస్తుంటే ఒక్కసారిగా పట్టుకుందా, ఆ సమయంలో ఏం చేస్తున్నారు అని. ఫలానా పని చేస్తుంటే ఆ క్షణాన పట్టుకుంది అని చెప్పగలిగారంటే ఆ నొప్పిని తేలిగ్గా తీసుకోకూడదు.

ఒక కాల్ చెప్తాను, ఆమెను గుర్తుపట్టే వివరాలు తీసేశాను. దేవరకొండ దాటి లోపలికి ఉన్న ఒక తండా, పత్తి ఏరే కాలం, రాత్రి ఏడు దాటింది. భర్త ఫోన్ చేశాడు. "మేడం, మా ఇంట్లామెకు కడుపుల నొస్తుంది, సోడా తాగించినం, గ్యాస్ గోలీ ఏసినం, తగ్గుతలేదు, ఏదన్న గోలీ పేరు చెప్పుండ్రి" అన్నాడు. వయసు ఇరవై ఎనిమిది. జ్వరం లేదు, ఒకసారి వాంతి అయింది, మాటిమాటికీ దొడ్డికి వస్తున్నట్టు ఉందంటోంది కానీ వెళ్తే ఏమీ కావట్లేదు. ఇక్కడి వరకు వింటే ఎవరైనా కడుపు చెడింది అనుకుంటారు. గర్భమేమైనా ఉండొచ్చా అంటే, "లేదు మేడం, ఇద్దరు పిల్లలు, ఆపరేషన్ అయి నాలుగేండ్లయింది" అన్నాడు.

స్పీకర్ తీసేసి ఫోన్ ఆమెకిమ్మన్నాం. "అమ్మా, పక్కన ఎవరున్నా పర్వాలేదు, నేను అడుగుతా, నువ్వు అవును, కాదు అను చాలు" అని మొదలుపెట్టి ఒక్కొక్కటే అడిగాం. మధ్యాహ్నం చేన్లో వంగి పత్తి ఏరుతుంటే కిందికడుపులో కుడిపక్కన ఒక్కసారిగా పొడిచినట్టయిందా? అవును. ఈసారి డేట్ సమయానికి వచ్చిందా? కాదు. పది రోజులకు పైనే ఆలస్యమైందా? అవును. వచ్చింది కూడా ఎప్పటిలా కాకుండా రెండు రోజులు నల్లగా, కొద్దిగా కనబడిందా? అవును. లేచి నిలబడితే కళ్లు తిరుగుతున్నాయా? అవును, బయటికి పోతుంటే పడబోయాను అని తనే చెప్పింది. భుజం ఏమైనా గుంజుతుందా అంటే కాసేపు ఆగి, "గుంజుతుంది మేడం, పండుకుంటే ఇంక ఎక్కువైతుంది, పత్తి మూట మోసినందుకేమో" అంది.

ఆ భుజం నొప్పి మూట వల్ల కాదు. కడుపులో రక్తం కారి పైకి చేరి, ఊపిరితిత్తుల కింద ఉండే పొరకు తగిలితే ఆ నొప్పి భుజం కొనలో తెలుస్తుంది, ఎందుకంటే ఆ పొరకు, భుజానికి వచ్చే నరాలు మెడ దగ్గర ఒకే చోటు నుంచి బయలుదేరుతాయి. పడుకున్నప్పుడు రక్తం పైకి జరుగుతుంది కాబట్టి నొప్పి ఎక్కువవుతుంది. దొడ్డికి వస్తున్నట్టు ఉండటం కూడా అజీర్ణం కాదు, కటి భాగంలో చేరిన రక్తం పురీషనాళాన్ని ఒత్తుతుంటే అలా అనిపిస్తుంది. వాంతులు, మోషన్స్ అని రాసుకుని ఓఆర్‌ఎస్ చెప్పి పెట్టేసే కాల్స్‌లో ఇలాంటివే జారిపోతాయి.

భర్తకు మణికట్టు దగ్గర నాడి ఎలా పట్టుకోవాలో చెప్పి, మేం ఇక్కడ గడియారం చూస్తూ పదిహేను సెకన్లు లెక్కపెట్టించాం. ముప్పై ఒకటి వచ్చింది, అంటే నిమిషానికి 124. ఇక ఆలోచించేదేం లేదు, 108కి కలిపాం. ఒక మాట మాత్రం చెప్పాలి, నాడి ఎక్కువుంటే భయపడాలి కానీ మామూలుగా ఉందని ధైర్యం తెచ్చుకోకూడదు. వయసులో ఉన్నవాళ్ల ఒళ్లు చాలా రక్తం పోయేదాకా తట్టుకుని నిలబడుతుంది, తర్వాత ఒక్కసారిగా పడిపోతుంది. అలాగే నొప్పి తగ్గింది కానీ తల తిరగడం పెరిగింది అంటే దాన్ని తగ్గడం అనుకోవద్దు.

అది ట్యూబులో నిలిచిన గర్భం. పిండం గర్భసంచిలోకి రాకుండా సన్నటి గొట్టంలోనే పెరిగి, చాలామందిలో ఆఖరి డేట్ నుంచి ఆరు, ఎనిమిది వారాల మధ్య నొప్పి, స్పాటింగ్ మొదలవుతాయి, కొందరికి ఆ గొట్టం పగిలిపోతుంది. తను గర్భవతి అన్న సంగతి అప్పటికి ఆ మనిషికే తెలియకపోవచ్చు. ఆ రాత్రే ఆపరేషన్ చేసి, రక్తం ఎక్కించి, ఆమెను కాపాడారు.

ఇక అసలు సంగతికి వస్తాను. మన దగ్గర ఆడవాళ్లలో ఎక్కువమంది ఇద్దరు పిల్లలు కాగానే కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించుకుంటారు. "ఆపరేషన్ అయింది" అన్న ఒక్క మాటతో ఇంట్లోవాళ్లూ, చాలాసార్లు నర్సూ, గర్భం సంగతి వదిలేస్తారు. స్క్రిప్ట్ కూడా ఆ జవాబు నొక్కగానే నెలసరి ప్రశ్నలు దాటేసి నేరుగా వాంతులు, మోషన్ల వైపు తీసుకెళ్లేలా ఉంటే ఆ నర్సు ఎంత మంచిదైనా ఏం చేస్తుంది. ఆపరేషన్ తర్వాత గర్భం రావడం అరుదు, నిజమే. కానీ వస్తే మాత్రం మూడింట ఒకటి దాకా ట్యూబులోనే ఉంటుందని అమెరికాలో ఆపరేషన్ చేయించుకున్న ఆడవాళ్లను ఏళ్ల తరబడి గమనించిన పెద్ద అధ్యయనం 1990ల్లోనే తేల్చింది. గొట్టం పూర్తిగా మూసుకోకుండా సన్నటి దారి మిగిలితే వీర్యకణం దూరుతుంది కానీ పిండం కిందికి దిగలేదు. కాబట్టి "ఆపరేషన్ అయింది" అని వింటే నర్సు ఇంకా జాగ్రత్తపడాలి తప్ప ప్రశ్న వదిలేయకూడదు. కాపర్-టీ వేయించుకున్నవాళ్లకు కూడా ఇంతే.

అందుకే "గర్భవతా?" అని అడగడమే తప్పు ప్రశ్న అంటాను. దానికి ఎవరైనా తెలిసింది చెప్తారు, తెలియనిది ఎలా చెప్తారు? "ఆఖరి డేట్ ఎప్పుడు, అది ఎప్పటిలాగే వచ్చిందా" అని అడగాలి. రెండో ముక్క మరీ ముఖ్యం, ఎందుకంటే ట్యూబులో గర్భం ఉన్నప్పుడు వచ్చే కొద్దిపాటి రక్తాన్ని చాలామంది నెలసరి అనే అనుకుంటారు. పన్నెండేళ్ల నుంచి యాభై ఏళ్ల దాకా ఎవరికి హఠాత్తుగా కిందికడుపు నొప్పి వచ్చినా, పెళ్లయినా కాకపోయినా, ఇది అడగాల్సిందే, ఆ మనిషినే అడగాలి. అత్త చెప్పిన జవాబు, భర్త చెప్పిన జవాబు లెక్కలోకి రాదు. పెళ్లికాని పిల్ల అయితే ఆమె చెప్పింది ఇంట్లోవాళ్లకు చెప్పక్కర్లేదు, "కడుపులో రక్తం కారుతుందేమోనని అనుమానంగా ఉంది, వెంటనే బయలుదేరాలి" అంటే చాలు, అది అబద్ధం కాదు. ఆశా కార్యకర్త దగ్గర నిశ్చయ్ కిట్ ఉంటే మూత్ర పరీక్ష కొన్ని నిమిషాల్లో అవుతుంది, కానీ తల తిరుగుతున్న మనిషి విషయంలో దానికోసం ఆగొద్దు, బండి దారిలో ఉండగా చేస్తే చేయొచ్చు.

ఇదే సిగ్గు మగపిల్లల విషయంలోనూ ఉంది. పద్నాలుగేళ్ల పిల్లాడు కిందికడుపు నొప్పి అంటాడు కానీ నొప్పి వృషణంలో అని తల్లి ముందు చెప్పడు. అది మెలితిరిగితే ఆరు గంటల్లోపు సరిచేయాలి, ఆలస్యమైతే తీసేయాల్సి రావచ్చు. అక్కడ కూడా ఫోన్ పిల్లాడికి ఇచ్చి సూటిగా అడగాలి.

ఆంబులెన్స్ వచ్చేలోపు ఏం చేయాలో కూడా స్క్రిప్ట్‌లో చదివి వినిపించే వాక్యాలుగా ఉండాలి. వెల్లకిలా పడుకోబెట్టి కాళ్ల కింద దిండు పెట్టండి, నీళ్లు, సోడా, గోలీ ఏవీ నోట్లో వేయొద్దు, ఎందుకంటే మత్తు ఇచ్చి ఆపరేషన్ చేయాల్సి రావచ్చు. ఊళ్లో ఆర్‌ఎంపీతో నొప్పి ఇంజెక్షన్ వేయిస్తే నొప్పి కాసేపు తెలియదు, రక్తం మాత్రం ఆగదు. బండి మీద మధ్యలో కూర్చోబెట్టుకుని బయలుదేరొద్దు, దారిలో స్పృహ తప్పితే పట్టుకోలేరు. ఆంబులెన్స్ సిబ్బందికి నర్సు చెప్పాల్సింది ఏమిటంటే, దగ్గరుంది కదా అని పీహెచ్‌సీకి తీసుకెళ్లి అక్కడి నుంచి ఇంకోచోటికి రెఫర్ చేయించుకోవడం కాదు, ఆ రాత్రి గైనకాలజిస్టు, థియేటర్, రక్తం మూడూ ఉన్న ఆసుపత్రి ఏదో ముందే ఫోన్ చేసి కనుక్కుని నేరుగా అక్కడికే పోవాలి. పది నిమిషాలకోసారి నర్సే తిరిగి ఫోన్ చేసి తెలివిలో ఉందా, తల తిరగడం పెరిగిందా అని అడుగుతుండాలి.

ఇలా అడిగితే ట్యూబు గర్భం కానివాళ్లను కూడా కొంతమందిని ఆంబులెన్స్ ఎక్కిస్తాం. అండాశయంలో నీటిబుడగ మెలితిరగడమో, అపెండిక్సో, ఒక్కోసారి ఏమీ లేకపోవడమో ఉంటుంది. ఫోన్‌లో ఇంతకన్నా తేల్చలేం, ఆ ఖర్చు పెట్టుకోవాల్సిందే.

హెల్ప్‌లైన్లు నడిపే అధికారులు తమ స్క్రిప్ట్ ఒకసారి తెరిచి చూడాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. "ఆపరేషన్ అయింది" అని నొక్కినప్పుడు డేట్, తల తిరగడం, భుజం నొప్పి ప్రశ్నలు దాటిపోతున్నాయేమో చూసి, పోతుంటే ఆ దారి మూసేయాలి. తిండి ప్రశ్నను ఈ మూడింటి తర్వాత పెట్టాలి. ఉత్తరం రాసిన ఆ పాఠకుడికి కూడా నా మనవి, ఈసారి నర్సు అడిగితే ఫోన్ ఆమెకు ఇచ్చి రెండు నిమిషాలు పక్కకు జరగండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ స్టాఫ్ నర్సు,
నల్లగొండ జిల్లా