తల్లిదండ్రులను అడిగిన తీరేమిటి?

సంపాదకులకు,

అయ్యా, ప్రభుత్వ బడుల్లో ఏ మీడియం కావాలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఫారాలిచ్చి అడిగితే, 96 శాతానికి పైగా తల్లిదండ్రులు ఇంగ్లిష్ మీడియమే కోరారన్న వార్త మీ పత్రికలో వచ్చి చాలా రోజులైంది. ఎవరో ఒకరు ఆ ఫారం గురించి రాస్తారని ఎదురుచూశాను. శాతాల మీద చర్చలు నడిచాయి గానీ, అసలు ఏం అడిగితే ఆ శాతం వచ్చిందో ఎవరూ పట్టించుకోలేదు. అందుకే ఈ ఉత్తరం.

2020 ఏప్రిల్ 15న హైకోర్టు ఇంగ్లిష్ మీడియం తప్పనిసరి చేసిన జీవోలను కొట్టేసింది. నెల తిరక్కుండానే, లాక్‌డౌన్‌లో, బడులన్నీ మూసి ఉండగా, గ్రామ, వార్డు వాలంటీర్లు ఫారాలు పట్టుకుని ఇంటింటికీ వచ్చారు. మా ఊళ్లో డ్రైనేజీ పూడిక తీయమని అర్జీ పెడితే ఏడాదైనా కదలని యంత్రాంగం ఇంత చురుకైందని అప్పుడే తెలిసింది.

ఫారంలో మూడు గడులు. ఒకటి, తెలుగు తప్పనిసరి సబ్జెక్టుగా ఉంటూ ఇంగ్లిష్ మీడియం. రెండు, తెలుగు మీడియం. మూడు, ఇతర భాషా మీడియం. మొదటి గడిలో తెలుగు ఎక్కడికీ పోదన్న భరోసా ఉంది. రెండో గడిలో ‘ఇంగ్లిష్ సబ్జెక్టుగా ఉంటుంది’ అన్న మాట మాత్రం లేదు. తెలుగు మీడియం పిల్లలూ ఇంగ్లిష్ పాఠ్యపుస్తకం చదువుతున్నారని బడికి పంపే అందరికీ తెలియదు. తెలియని తల్లికి ఆ ఫారం చెప్పేదేమిటంటే, మొదటి దాంట్లో రెండు భాషలూ వస్తాయి, రెండో దాంట్లో ఒకటే వస్తుంది అని. రెండూ వచ్చేదాన్ని వదులుకునే అమాయకులు ఎవరుంటారు? నాకు ఆశ్చర్యమల్లా మిగతా 4 శాతం మందిని చూస్తేనే.

మా వీధిలో కూలికి పోయే ఒకావిడ కూతురు రెండో తరగతి. ‘ఇంగ్లీసా తెలుగా అంటే ఇంగ్లీసే అన్నా సార్’ అంది. అదే సంగతి ఇంకోలా అడిగాను. ‘లెక్కలు, పరిసరాలు తెలుగులో చెప్పి, ఇంగ్లిష్ వేరే పిరియడ్‌లో మాట్లాడేలా నేర్పితే సరేనా?’ ఆవిడ ఆలోచించి, ‘అట్లయితే తెలుగులోనే చెప్పండి సార్, నేను కూడా కూసోబెట్టి అడిగేకి అయితాది. ఇంగ్లీసు మాత్రం గట్టిగా నేర్పల్ల’ అంది. ఆవిడ మనసు మారలేదు, పాపకు ఇంగ్లిష్ రావాలన్నదే రెండుసార్లూ ఆమె కోరిక. ఫారం ఆ కోరికను మీడియం కింద జమ వేసుకుంది. భాష నేర్చుకోవడం వేరు, ఆ భాషలో భాగహారం నేర్చుకోవడం వేరు. ముప్పై ఏళ్లు పాఠం చెప్పినవాణ్ని, లెక్క వచ్చి కూడా ప్రశ్న అర్థంకాక సున్నా తెచ్చుకున్న పిల్లల్ని ఎంతమందినో చూశాను.

పైగా అడిగిందెవరు? పింఛను తెచ్చే వాలంటీరే. ఆ అబ్బాయిని తప్పు పట్టను, చెప్పిన పని చేశాడు. కానీ ప్రభుత్వం ఏం కోరుతోందో రాష్ట్రమంతా తెలిశాక, ప్రభుత్వ సాయం తెచ్చే మనిషి ఎదుటే పేరూ సంతకమూ పెట్టి వేరే గడిలో టిక్కు కొట్టమంటే ఎందరు కొడతారు?

మూడో గడి సంగతి ఆదోనివాళ్లకే తెలియాలి. ఇక్కడ ఉర్దూ, కన్నడ ఇళ్లు వీధి వీధికీ ఉన్నాయి. ప్రకటించిన లెక్కలో అవన్నీ ‘ఇతర’ కింద ఒకే అంకె, అదీ ఒక శాతం లోపు. ఉర్దూ బడికి ఎందరు, కన్నడ బడికి ఎందరు కావాలన్నారో తెలియకుండా ఏ బడికి ఏ టీచర్ని వేస్తారు? సారుకు బదిలీ అయితే ఏళ్ల తరబడి ఖాళీ నింపని శాఖకు ఇదేమంత కష్టంలెండి.

టిక్కులన్నీ అయ్యాక, 2020 మే నెలలో, తెలుగు కావాలన్నవారికి మండల కేంద్రంలో ఒక బడి, రాకపోకల ఖర్చు ఇస్తామన్నారు. ఈ మాట ఫారంలోనే ఉండాలి కదా! పక్క వీధి బడి పోయి బస్సెక్కాల్సి వస్తుందని సంతకం పెట్టేటప్పుడు తెలిసిందెవరికి? అప్పటిదాకా చాలా బళ్లలో రెండు మీడియాలూ పక్కపక్కన నడిచాయి. ‘రెండూ ఉంచమంటారా?’ అన్న గడి అసలు లేదు.

నేను ఇంగ్లిష్‌కు వ్యతిరేకిని కాను. పిల్లల్ని కాన్వెంట్లకు పంపి పేదలకు తెలుగు గొప్పతనం బోధించే పెద్దలంటే నాకూ ఒళ్లుమంటే. కానీ విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్ వీలైనంతవరకు మాతృభాషలో బోధించమంటోంది. దాన్ని పక్కన పెట్టడానికి తల్లిదండ్రుల మాటే ఆధారమైతే, ఆ మాట సరిగ్గా అడిగి తీసుకోవాలి. బడులు తెరిచాక హెడ్మాస్టరు తల్లిదండ్రుల సమావేశం పెట్టి, పేరు రాయని చీటీ మీద ఇంట్లో ఏ భాష మాట్లాడతారో, లెక్కలు ఏ భాషలో చెప్పాలో, రెండు మీడియాలూ అదే బడిలో ఉండాలో అడగనివ్వండి. ఎంత శాతం వచ్చినా ఒప్పుకుంటాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
ఆదోని, కర్నూలు జిల్లా