500 సబ్బు పెట్టెల ఆర్డర్ గురించి ఫిర్యాదు

మేనేజర్ గారికి,

నేను కడపలో ఇంటి దగ్గరే వేప, పసుపు సబ్బులు చేసి అమ్ముతుంటాను. మీకు 7,000 రూపాయలు కట్టి చేయించుకున్న 500 పెట్టెల్లో ఒక్కదాంట్లోనూ సబ్బు పట్టలేదు. ఫోన్ చేస్తే "మీరు గీసిన డైలైనే తప్పు" అన్నారు. ఆ మాట ఒప్పుకోలేకే ఈ ఉత్తరం రాస్తున్నాను.

నా సబ్బు పొడవు 80 మిల్లీమీటర్లు, వెడల్పు 55, మందం 25. బటర్ పేపర్ చుట్టాక కూడా వదులుగా జారాలని ప్రతి కొలతకూ 2 కలిపి 82, 57, 27 పెట్టాను. విప్పి పరిచిన పెట్టె ఆకారాన్ని, అంటే డైలైన్‌ను, Inkscapeలో A4 పేజీ మీద గీశాను. కత్తిరించే గీతలు ఎర్రగా, మడత గీతలు నీలం చుక్కలతో వేర్వేరు లేయర్లలో ఉన్నాయి. పైమూత, అడుగుమూత రెండింటికీ లోపలికి దూరే టక్ 15 మిల్లీమీటర్లు. గ్లూ ఫ్లాప్ పట్టే చివరి పక్కను మాత్రం 26.5 చేశాను. అది కూడా 27 ఉంటే అంటించాక అంచు బయటికి పొడుచుకొస్తుంది.

ఇలాంటి గొడవ వస్తుందనే పేజీ మూలన సరిగ్గా 50 మిల్లీమీటర్ల గీత గీసి "కొలిచి చూడండి" అని రాశాను. మీరు డై చేయించడానికి వాడిన ప్రింటు ఫొటో మీరే పంపారు కదా, అందులో ఆ గీత పక్కనే పెట్టిన స్కేలు మీద 48.5 చూపిస్తోంది. అంటే ప్రింటు తీసేటప్పుడు Actual size బదులు Fit ఎంచుకున్నారు. పేజీ ప్రింటర్ మార్జిన్లలో పట్టడానికి 97 శాతానికి కుదించుకుంది. నా 82 కాస్తా 79.5 అయింది. 80 మిల్లీమీటర్ల సబ్బు అందులో ఎలా పడుతుంది?

రెండో తప్పు గ్లూ ఫ్లాప్ మీద. ఆ 12 మిల్లీమీటర్ల పట్టీ మీద "ఇంకు వద్దు, లామినేషన్ వద్దు" అని రాసినా, షీటంతా మ్యాట్ లామినేషన్ చేశారు. తెల్ల గ్లూ కాగితంలోకి ఇంకితేనే పట్టు వస్తుంది, ప్లాస్టిక్ పొర మీద ఇంకదు. అంటించి ఒక రాత్రి ఉంచాక లాగితే, కాగితం పీచు చిరగకుండా ఎండిన గ్లూ పొరలా ఊడి వచ్చింది. పట్టు ఉంటే అట్ట చిరిగేది. ఉగాది ఆర్డర్లకు చివరికి మామూలు కవర్లే వాడుకున్నాను.

కాబట్టి అసలు ఫైలు కొలతలతోనే కొత్త డై చేయించి, 500 పెట్టెలు ఉచితంగా మళ్లీ చేసి ఇవ్వండి. అలా కాకుంటే 15 రోజుల్లో నా డబ్బు వెనక్కి పంపండి. మళ్లీ చేసేట్టయితే ముందు ఒక్క పెట్టె కత్తిరించి, అంటించకుండా బల్లపరుపుగా పంపండి. 50 గీత కొలిచి, సబ్బు పెట్టి చూశాకే మిగతావాటికి సరే అంటాను.

ఇట్లు,
మీ కస్టమర్, కడప