ఇన్వాయిస్‌లో కరెన్సీ మారిపోతోంది, శుక్రవారం లోపు సరిచేద్దాం

అందరూ ఒకసారి చూడండి. నిన్న ఆగిన పార్సెల్‌కి కస్టమర్ చెకౌట్‌లో 48 యూరోలు కట్టారు, కానీ మన ఇన్వాయిస్ ప్యాకింగ్ రోజు రేటుతో డాలర్లలో ప్రింటైంది. రెండూ పొంతన కుదరక కస్టమ్స్ వాళ్లు పేమెంట్ రుజువు అడిగారు.

వెబ్‌సైట్ చూసేవాళ్లు ఆర్డర్ పడగానే కరెన్సీ, రేటు, మొత్తం అందులోనే సేవ్ అయ్యేలా చేయండి, ఇన్వాయిస్ అక్కణ్ణుంచే తీసుకోవాలి, మళ్లీ లెక్కగట్టొద్దు.

డాక్యుమెంట్లు రాసేవాళ్లూ, ఉత్త "మసాలాలు" అంటే కుదరదండీ. కారప్పొడికి 0904.22, పసుపుకి 0910.30 కస్టమ్స్ కోడ్ వేయండి.

షిప్పింగ్ పేజీలో దిగుమతి సుంకం ఎవరు కట్టాలో స్పష్టంగా రాయండి, లేకపోతే డెలివరీ దగ్గర గొడవే.

గురువారం ఒక టెస్ట్ ఆర్డర్ వేసి, రసీదు, ఇన్వాయిస్ పక్కపక్కన పెట్టి ఫొటో ఇక్కడ పంపండి, మర్చిపోకండి!