పున్నమి లెక్కకు గ్రహణమే పరీక్ష

సంపాదకులకు నమస్కారం.

2025 సెప్టెంబర్ 7 నాటి చంద్రగ్రహణం తర్వాత, వచ్చే పున్నమికి మళ్లీ ఎందుకు రాదని మా అనంతపురం పిల్లలు అడిగారు. చంద్రుడి దారి సూర్యుడి దారికి సుమారు 5 డిగ్రీలు వాలి ఉంటుంది (పాత ఖగోళ గ్రంథం సూర్యసిద్ధాంతం నాలుగున్నర అంటుంది). ఆ రెండూ ఖండించుకునే బిందువులకే మన గణకులు రాహుకేతువులని పేరు పెట్టారు. భూమి నీడ సూర్యుడి దారి మీదే పడుతుంది; ఆ రాత్రి చంద్రుడు రాహువుకు మూడు డిగ్రీల దూరంలోనే ఉండటంతో భూమి నీడలో పూర్తిగా మునిగాడు. మరుసటి పున్నమికి ఆ రాత్రి ఉన్న చోటి నుంచి దాదాపు 29 డిగ్రీలు ముందుకు వెళ్లి, నీడకు రెండు డిగ్రీలకు పైగా ఉత్తరంగా జరిగిపోయాడు.

గ్రహణ మధ్యకాలం, పున్నమి ముగిసే క్షణం దాదాపు ఒకటే కనుక, పంచాంగంలో తప్పుంటే ఆకాశమే పట్టిస్తుంది. సూర్యుడి నుంచి చంద్రుడు గంటకు సుమారు అర డిగ్రీ జరుగుతాడు కాబట్టి, లెక్కలో డిగ్రీలో పదో వంతు తేడా వస్తే తిథి 12 నిమిషాలు మారుతుంది. ఆ తిథి సూర్యోదయ సమీపంలో ముగిసేదైతే పండుగ రోజే మారవచ్చు. కేరళ గణకుడు పరమేశ్వరుడు 55 ఏళ్లు గ్రహణాలను గమనించి, పాత లెక్కలను సవరిస్తూ 1431లో దృగ్గణితం అనే గ్రంథం రాసింది ఇందుకే. పండుగ తేదీలపై వివాదం వచ్చినప్పుడు, ఏ గణితం వాడారో, తిథి ఎన్నింటికి ముగుస్తుందో కూడా మీ పత్రిక ప్రచురించాలని నా విన్నపం.

— ఒక పాఠకుడు, అనంతపురం